ఆరు గీతల నడుమ దాగిన ఇల్లు

ప్రాచీన చైనా జోస్య గ్రంథం ఈ చింగ్‌లో 64 గుర్తులున్నాయి. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆరు గీతలు కలిస్తే ఒక గుర్తు. గీత నిండుగా ఉంటే యాంగ్, మధ్యలో విరిగి ఉంటే యిన్. ఈ ఆరు గీతల గుర్తును హెక్సాగ్రామ్ అంటారు. ప్రశ్న మనసులో పెట్టుకుని మూడు నాణేలు ఆరుసార్లు వేస్తారు. వేసిన ప్రతిసారీ ఒక గీత వస్తుంది. గీతల్ని కింది నుంచి పైకి పేర్చుకుంటూ పోతారు. మూడు నాణేలూ ఒకే వైపు పడితే అది కదిలే గీత. యిన్ అయితే యాంగ్‌గా, యాంగ్ అయితే యిన్‌గా మారి రెండో హెక్సాగ్రామ్‌కు దారితీస్తుంది. ఇవి రెండూ పైకి కనిపించేవి. మొదటి గుర్తు కడుపులో ఇంకొకటి ఉంటుంది. అట్టడుగు గీతనూ అన్నిటికన్నా పై గీతనూ వదిలేసి, మిగిలిన నాలుగింటితోనే మళ్లీ ఆరు గీతలు కడితే వచ్చేది అదే. చైనీయులు దాన్ని హు గువా అంటారు, ఇంగ్లిషు పుస్తకాల్లో న్యూక్లియర్ హెక్సాగ్రామ్. ఇక్కడ దాన్ని లోపలి గుర్తు అందాం. ప్రేమ గురించో పెళ్లి ప్రయత్నం గురించో అడిగినప్పుడు, ఇద్దరూ నోరు విప్పి చెప్పని లాగుడు ఎటువైపు ఉందో చూడటానికి దీన్ని తీస్తారు.

కట్టే పద్ధతి తేలిక. కింది నుంచి లెక్కపెట్టి 2, 3, 4 గీతల్ని కింది సగంగా, 3, 4, 5 గీతల్ని పై సగంగా పేర్చాలి. నాలుగు గీతలతో ఆరు కట్టాలి కాబట్టి మూడోదీ నాలుగోదీ రెండేసి సార్లు వస్తాయి. జంట ప్రశ్నలో ఈ పద్ధతికి అర్థం ఉండటానికి కారణం సరిగ్గా ఇదే. ఇలాంటి ప్రశ్నల్లో కింది మూడు గీతల్ని అడిగిన మనిషికీ పై మూడింటిని అవతలి మనిషికీ కేటాయించడం వాడుక. అప్పుడు మూడో గీత ఇవతలివాళ్ల సరిహద్దు, నాలుగోది అవతలివాళ్ల సరిహద్దు. ఇద్దరూ ఒకరికొకరు తగిలే చోటు అదే. లోపలి గుర్తు ఆ చోటును రెండుసార్లు లెక్కలోకి తీసుకుని, ఇద్దరూ ఎక్కడ మొదలుపెట్టారు, చివరికి ఏమంటున్నారు అన్న రెండు కొసల్నీ వదిలేస్తుంది.

ఈ వదిలేయడం ఎలా ఉంటుందో 31వ గుర్తు షియెన్‌లో చక్కగా కనిపిస్తుంది. ఇది పరస్పర ఆకర్షణ గుర్తు. కింద కొండ, పైన సరస్సు. కొండ అంటే కుటుంబంలో చిన్న కొడుకు, సరస్సు చిన్న కూతురు. కుర్రవాడు తగ్గి, అమ్మాయికి కింద నిలబడి అడుగుతున్నాడని పాతకాలం వ్యాఖ్య. గ్రంథం ఇక్కడ పెళ్లి చేసుకుంటే శుభమని సూటిగానే చెబుతుంది. గీతల మీద రాసిన మాటలు ఒక శరీరం వెంట కింది నుంచి పైకి ఎక్కుతాయి. మొదటి గీత కాలి బొటనవేలు, రెండోది పిక్క, మూడోది తొడ, అయిదోది వీపు కండ, ఆరోది దవడలూ నాలుకా. నాలుగో గీతలో అవయవం పేరు లేదు, అటూ ఇటూ కొట్టుకులాడే మనసు గురించిన మాట ఉంది. అందుకే దాన్ని గుండె చోటు అనుకుంటారు. ఇందులోంచి లోపలి గుర్తు కడితే పోయేవి బొటనవేలూ నాలుకా: వేసిన తొలి అడుగు, చెప్పిన తీపి మాట. మిగిలేవి పిక్క, తొడ, గుండె, వీపు. గుండె, తొడ రెండేసి సార్లు వస్తాయి.

అలా వచ్చిన గుర్తు 44, గోవు. అడుగున ఒక్క విరిగిన గీత, దాని మీద అయిదు నిండు గీతలు. అనుకోకుండా ఎదురుపడటం దీని విషయం. ఈ స్త్రీని పెళ్లాడవద్దని గ్రంథం ఇక్కడ హెచ్చరిస్తుంది. పైన పెళ్లి శుభం, లోపల పెళ్లి వద్దు! కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే బెదిరిపోతారు. రెండు తీర్పుల్లో ఏది నమ్మాలా అని కూర్చుంటారు. నిజానికి లోపలి గుర్తు కింద రాసిన తీర్పును ప్రశ్నకు జవాబుగా తీసుకోకూడదు. ప్రశ్న వేసినప్పుడు పడింది 31 తప్ప 44 కాదు. లోపలి గుర్తులో చూడాల్సింది దాని అమరిక.

అమరికను చూడటానికి పాత కొలత ఒకటుంది. 1వ గీతకు 4, 2కు 5, 3కు 6 జోడీ. జోడీలో ఒకటి యిన్, ఇంకొకటి యాంగ్ అయితే కుదిరినట్టు. 31లో మూడు జోడీలూ కుదురుతాయి. పైకి చూస్తే ఇద్దరికీ అన్ని విషయాల్లోనూ పొత్తు కుదిరినట్టే. 44లో మాత్రం అట్టడుగు గీతకు నాలుగో గీతతో ఉన్న ఒక్క జోడీ కుదురుతుంది, మిగతా రెండిట్లో యాంగ్‌కు ఎదురుగా యాంగ్. అంటే పైకి కనిపించే మూడు కుదుళ్లను లోపల మోస్తున్నది ఒక్కటే, ఆ ఒక్కటి మీదే ఆకర్షణ అంతా వేలాడుతోంది. ఒకరి మీద అయిదింతల బరువు పడుతోంది. ఇది పెళ్లి వద్దనడం కాదు. పరిచయం ఎంత హఠాత్తుగా మొదలైందో, ఆ ఊపులో ఎవరు ఎవరి వెంట నడుస్తున్నారో ఒకసారి చూసుకోమనడం. వధూవరుల జాతకాలు పక్కపక్కన పెట్టి పొంతన లెక్కపెట్టే తెలుగు ఇళ్ల అలవాటుకీ దీనికీ తేడా ఇక్కడుంది. ఇక్కడ రెండు చీటీలు ఉండవు. ఒకే గుర్తులో ఇద్దరూ ఉంటారు, వాళ్ల మధ్య ఉన్నదీ అందులోనే ఉంటుంది.

ఈ పద్ధతి ఎంత పాతదన్న చర్చ చైనాలోనే ఉంది. జువో జువాన్ అనే చరిత్ర గ్రంథంలో క్రీ.పూ. 672 కింద నమోదైన ఒక జోస్యంలో కొండ ప్రస్తావన వస్తుంది. అప్పుడు పడిన రెండు గుర్తుల పై సగాల్లోగానీ కింది సగాల్లోగానీ కొండ లేదు. ఆ కొండ నడి గీతల్లో దాగి ఉందని మూడో శతాబ్దపు వ్యాఖ్యాత దూ యూ వివరించాడు. హాన్ వంశ కాలంలో జింగ్ ఫాంగ్ వంటి పండితులు నడి గీతల్ని విరివిగా వాడారు. 23 ఏళ్లకే చనిపోయిన వాంగ్ బీ మాత్రం గీతల్లోంచి బొమ్మలు లాగుతూ పోవడం దండగని కొట్టిపారేశాడు. ఆయన అనుమానంలో న్యాయం లేకపోలేదు. గీతల్ని ఎలా పేరిస్తే అలా ఏదో ఒక బొమ్మ వస్తుంది, కావలసిన బొమ్మ వచ్చేదాకా పేర్చేవాళ్లూ ఉంటారు. తరవాత సోంగ్ కాలపు షావ్ యోంగ్ పేరు మీద చలామణీ అయిన రేగుపూల జోస్యంలో లోపలి గుర్తు మళ్లీ పీట వేసుకుని కూర్చుంది. ఆ పద్ధతిలో పడిన గుర్తు వ్యవహారం మొదలు, మారిన గుర్తు ముగింపు, లోపలి గుర్తు నడిమధ్యలో జరిగేది. దాన్ని మనసులోని రహస్య ధోరణిగా చదవడం ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య పాఠకులు పెంచుకున్న అలవాటు. రెండు చదువులూ ఒకదానికొకటి దూరమేమీ కావు, కలవడానికీ కలిసి ఉండటానికీ మధ్య జరిగేదే జంటలో అందరికీ దాగి ఉండేది కాబట్టి.

చరిత్రలో నమోదైన పెళ్లి ప్రశ్న ఒకటి పట్టుకుంటే ఈ చదువు ఎలా నడుస్తుందో తెలుస్తుంది. జువో జువాన్‌లోనే క్రీ.పూ. 548 కింద ఈ కథ ఉంది. చీ రాజ్యంలో చుయ్ జు అనే బలమైన మంత్రి ఉండేవాడు. థాంగ్ అనే చోటి పెద్దాయన చనిపోతే పరామర్శకు వెళ్లి, అక్కడ ఆయన భార్య థాంగ్ జియాంగ్‌ను చూశాడు. ఆమె అందానికి ముగ్ధుడై, ఆమెను తనకు చేసుకునే ఏర్పాటు చూడమని ఆమె సోదరుడిని అడిగాడు. ఆ సోదరుడు దోంగ్‌గువో యాన్ చుయ్ జు కొలువులోనే ఉన్నవాడు. అయినా అభ్యంతరం చెప్పాడు: రెండు ఇళ్లదీ ఒకే వంశం, పెళ్లి కుదరదు. మన దగ్గర సగోత్రం కుదరదన్నట్టే. చుయ్ జు వినకుండా జోస్యం అడిగాడు. 47వ గుర్తు పడింది, మూడో గీత కదిలి 28 అయింది. ఆస్థాన లేఖకులందరూ శుభమన్నారు. దొరగారి మనసు తెలిసినవాళ్లు ఇంకేమంటారు?

చెన్ వెన్‌జి అనే మరో పెద్దమనిషి మాత్రం వద్దన్నాడు. 47లో కింద నీరు, పైన సరస్సు. నీరు కుటుంబంలో నడిమి కొడుకు, ఇక్కడ భర్త. సరస్సు చిన్న కూతురు, ఇక్కడ భార్య. మూడో గీత మారితే కింది నీరు గాలి అవుతుంది. భర్త గాలయ్యాడు, గాలి భార్యను పడగొడుతుంది, ఈ పెళ్లి వద్దు, అన్నాడు. పైగా ఆ మూడో గీత కింద గ్రంథం చెప్పేది రాతి కింద ఇరుక్కుని, ముళ్ల మీద ఆనుకుని, ఇంటికి వెళ్తే భార్య కనిపించని మనిషి గురించి. చుయ్ జు తేలిగ్గా తీసుకున్నాడు. ఆమె విధవ, ఆ కీడు ఏదో మొదటి భర్తకే తగిలిపోయింది, ఇక నాకేంటి అన్నట్టు జవాబిచ్చి పెళ్లి చేసుకున్నాడు.

వెన్‌జి లోపలి గుర్తు జోలికి పోలేదు, జువో జువాన్‌లో ఆ మాటే లేదు. అయితే కట్టి చూస్తే విషయం ఇంకాస్త లోతుగా తెరుచుకుంటుంది. 47ను కింది నుంచి చెప్పుకుంటే విరిగిన గీత, నిండు గీత, విరిగినది, నిండు, నిండు, విరిగినది. అందులో 2, 3, 4 గీతలు నిండు, విరిగిన, నిండు: అది నిప్పు. 3, 4, 5 గీతలు విరిగిన, నిండు, నిండు: అది గాలి. కింద నిప్పు, పైన గాలి ఉంటే 37వ గుర్తు జియారెన్. దాని విషయం ఇల్లు, ఇంట్లోని మనుషులు. ఇంటిలోపల స్త్రీ తన చోట, బయట పురుషుడు తన చోట ఉంటే సంసారం నిలుస్తుందని దాని పాత వ్యాఖ్య.

జోడీల కొలత పెడితే పైకీ లోపలికీ తేడా షియెన్‌కు తిరగబడి కనిపిస్తుంది. పైనున్న 47లో ఒకటీ నాలుగూ ఒక్కటే జోడీ కుదిరింది, రెండూ అయిదూ కుదరలేదు, మూడూ ఆరూ కుదరలేదు. లోపలి 37లో మొదటి రెండు జోడీలూ కుదిరాయి, ముఖ్యంగా నడిబొడ్డున ఉండే రెండూ అయిదూ. పై పరిస్థితి ఇరుకు: వంశం అడ్డు, లోకం మాట, తొందర. లోపల మాత్రం ఇల్లు కట్టాలన్న కోరిక నిజంగానే ఉంది. కాముకత తప్ప ఇంకేమీ లేదని చుయ్ జును కొట్టిపారేయనివ్వని గుర్తు ఇది. అతనికి కావలసింది సంసారమే.

ఇక కదిలే గీత. 47లోని మూడో గీత లోపలి గుర్తులో రెండు చోట్ల కూర్చుంటుంది, రెండో గీతగానూ నాలుగో గీతగానూ. 37లో విరిగిన గీతలు ఉన్నవే రెండు, ఆ రెండూ ఇవే. ఇంట్లో స్త్రీ చోటుగా చెప్పుకునే రెండో గీత వాటిలో ఒకటి. మూడో గీత యిన్ నుంచి యాంగ్‌కు మారగానే రెండు విరిగిన గీతలూ ఒక్కసారిగా నిండిపోతాయి. 37 కాస్తా ఆరు నిండు గీతల 1వ గుర్తు అవుతుంది. మారిన 28ని విడిగా కట్టి చూసినా లోపల ఇదే ఆరు నిండు గీతల గుర్తు. ఇల్లు ఉంది, అందులో స్త్రీ గీత ఒక్కటీ లేదు. ఇంటికి వెళ్తే భార్య కనిపించదన్న గీత మాటకు లోపలి గుర్తు ఇచ్చే బొమ్మ ఇది.

జంట ప్రశ్న అడిగేవాళ్లు ఇక్కడ తప్పకుండా చూడాల్సింది, ఆ కదిలిన గీత ఎవరిదన్నది. మూడోది కింది సగంలోది, అంటే అడిగిన చుయ్ జుది. సంసారాన్ని ఖాళీ చేసే కదలిక ఆమె వైపు నుంచి రాలేదు. అడ్డంకులన్నిటినీ తోసుకుని ముందుకు దూకే అతని సరిహద్దు నుంచే వచ్చింది. భర్తే గాలయ్యాడని వెన్‌జి చెప్పినదీ ఇదే. అందగత్తె వల్ల ఇల్లు కూలిందని చెప్పుకునే కథల వరసలో దీన్ని చేర్చేవాళ్లు గీతను సరిగ్గా లెక్కపెట్టలేదన్నమాట.

తరవాత జరిగింది చరిత్ర. చీ పాలకుడు జువాంగ్ ఆమెతో సంబంధం పెట్టుకుని చుయ్ జు ఇంటికే వచ్చిపోతూ, అతని టోపీని ఎవరికో బహుమానంగా ఇచ్చేశాడు. క్రీ.పూ. 548లో చుయ్ జు మనుషులు అతన్ని ఆ ఇంట్లోనే చంపారు. రెండేళ్లకు చుయ్ జు కొడుకుల మధ్య వారసత్వ గొడవ రేగింది. సహచరుడైన చింగ్ ఫెంగ్ సాయం చేస్తానని నమ్మించి ఆ ఇంటినే నాశనం చేశాడు. థాంగ్ జియాంగ్ ఉరి వేసుకుంది. ఇంటికి తిరిగి వచ్చిన చుయ్ జుకు ఇల్లూ లేదు, భార్యా లేదు. అతనూ ఉరి వేసుకున్నాడు.

కథ ఇంత చక్కగా కుదిరినందుకే కొంచెం జాగ్రత్తపడాలి. జువో జువాన్ రాసినవాళ్లకు ముగింపు ముందే తెలుసు, ఆ పుస్తకంలో జోస్యాలు తరచుగా గురి తప్పవు. లోపలి గుర్తును ఇక్కడ వాడినదీ ముగింపు తెలిశాకే. కాబట్టి చుయ్ జు కథ ఈ పద్ధతి ఫలిస్తుందనడానికి రుజువు కాదు, ఎలా చదవాలో నేర్చుకోవడానికి ఉదాహరణ. నాణేలు ఎలా పడతాయన్నది యాదృచ్ఛికం. 64 గుర్తుల నుంచి వచ్చే లోపలి గుర్తులు 16 మాత్రమే. ఒక్కోటి నాలుగు వేర్వేరు గుర్తులకు ఉమ్మడి. సగటున పదహారు ప్రశ్నల్లో ఒకదానికి కడుపులో 44 ఉంటుంది, అడిగినవాళ్ల ప్రేమ ఎలాంటిదైనా సరే.

ఈ ఉమ్మడితనమే పద్ధతికి పెద్ద హద్దు. 44ను కడుపులో పెట్టుకున్న నాలుగు గుర్తులు ఆకర్షణ చెప్పే 31, వెనక్కి తగ్గడం చెప్పే 33, తిరుగుబాటు చెప్పే 49, నలుగురితో కలవడం చెప్పే 13. హఠాత్తు పరిచయం అన్న ఒకే లోపలి ధోరణి ఒక చోట పెళ్లికీ, ఒక చోట తప్పుకోవడానికీ, మరో చోట తెగతెంపులకీ దారితీయవచ్చు. ఎటు పోతుందన్నది లోపలి గుర్తు చెప్పదు, పై గుర్తే చెప్పాలి. రేగుపూల జోస్యంలోని ప్రసిద్ధ కథ కూడా ఈ నాలుగింటిలోంచే వచ్చింది. పిచ్చుకలు రెండు పోట్లాడుకుని కింద పడటం చూసి షావ్ యోంగ్ 49 కట్టాడు, మొదటి గీత కదిలి 31 అయింది. మర్నాడు సాయంత్రం పూలు కోయడానికి వచ్చిన అమ్మాయి తోటమాలి అదిలింపుకు బెదిరి పడి తొడకు దెబ్బ తగిలించుకుంటుందని చెప్పాడు. తొడ వచ్చింది లోపలి గుర్తులోని గాలి నుంచి, ఆ పద్ధతిలో గాలి తొడకు గుర్తు కాబట్టి. మొదటి గీత లోపలికి రాదు గనక అది కదిలినా 44 మారలేదు.

కదిలే గీతల విషయంలో గుర్తుంచుకోవాల్సింది కూడా ఇదే. 1గానీ 6గానీ కదిలితే లోపలి గుర్తు చెక్కుచెదరదు, ఇద్దరి మాటలూ అడుగులూ మారినా అంతర్గత ధోరణి అలాగే ఉంటుంది. 2గానీ 5గానీ కదిలితే లోపల ఒక గీత మారుతుంది. 3గానీ 4గానీ కదిలితే రెండు మారతాయి, చుయ్ జుకు జరిగినట్టు.

తప్పులు ఎక్కువగా లెక్క దగ్గరే జరుగుతాయి. పై నుంచి కిందికి లెక్కపెడితే 31 కాస్తా 32 అయిపోతుంది. అప్పుడు లోపల 44కు బదులు 43 వస్తుంది, ఒంటరి విరిగిన గీత అడుగు నుంచి పైకి ఎగబాకుతుంది. అనుకోకుండా ఎదురుపడటం కాస్తా తెగతెంపుల నిర్ణయంగా మారిపోతుంది. కట్టిన గుర్తు సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. లోపలి గుర్తులో రెండో గీతా నాలుగో గీతా ఒకేలా ఉండాలి, మూడోదీ అయిదోదీ ఒకేలా ఉండాలి. ఉండకపోతే ఎక్కడో చెయ్యి జారినట్టే. తలకిందులుగా లెక్కపెట్టిన తప్పు మాత్రం ఈ పరీక్షకు దొరకదు, దానికి మొదటి గీత ఎక్కడ గీశారో చూసుకోవడం ఒక్కటే దారి.

ఇంకో తప్పు చదవడంలోది. లోపలి గుర్తును అవతలి మనిషి మనసులోని రహస్యంగా తీసుకుని, ఆమె నన్ను నిజంగా ప్రేమిస్తోందా అన్న ప్రశ్నకు జవాబు లాగడం. ఆ గుర్తు నాలుగు గీతల్లో రెండు అడిగినవాళ్లవే. అవతలివాళ్లను ఎంత చూపిస్తుందో ఇవతలివాళ్లనూ అంతే చూపిస్తుంది.

ఆరు గీతలూ నిండుగా ఉన్న 1, ఆరూ విరిగి ఉన్న 2 పడితే మాత్రం లోపలి గుర్తు కట్టినా మళ్లీ అదే వస్తుంది. రేగుపూల జోస్యం నియమం ప్రకారం అప్పుడు మారిన గుర్తులోంచి లోపలిది కట్టాలి. ఆ పద్ధతిలో ఒక గీత తప్పనిసరిగా కదులుతుంది గనక అది ఎప్పుడూ దొరుకుతుంది. నాణేలతో వేసినప్పుడు ఏ గీతా కదలకుండా ఈ రెండింటిలో ఒకటి పడితే లోపల చదవడానికి వేరే ఏమీ ఉండదు, పై గుర్తుతోనే సరిపెట్టుకుంటారు.